మా ఖాతాగాడు, ఆ పేరు మేము మింగేసిన రోజు

ప్రశ్న: ఫ్రెండ్స్ మధ్య ఈ తిక్క తిక్క పేర్లు ఎలా పుడతాయి? కొన్నే ఎందుకు అతుక్కుంటాయి? ఎప్పుడు మానేయాలి?

నాకు మూడేళ్ళు ‘చీరాల’ అని పేరు. మాది చీరాల కాదు, సింగరాయకొండ దగ్గర పల్లె. నెల్లూరులో డిగ్రీ చేరిన కొత్తలో సెలవులకి ఇంటికి పోతూ రైల్లో నిద్రపోయా. సింగరాయకొండ పోయింది, ఒంగోలు పోయింది, కళ్ళు తెరిస్తే చీరాల. తిరుగు బండి కోసం ప్లాట్‌ఫారం మీద దోమలతో కాపురం. ఈ ముచ్చట హాస్టల్లో ఎవరూ కనిపెట్టలేదు, నేనే నవ్వుతూ చెప్పుకున్నా. అంతే. నా పెళ్ళిలో మా వాళ్ళు ‘చీరాల పెళ్ళి’ అని ఫ్లెక్సీ కట్టిస్తే, మా మామగారు నన్ను పక్కకి పిలిచి "చీరాలలో మీకు ఇల్లుందా అల్లుడూ?" అని అడిగాడు.

కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుంది. నా లెక్క ఏందంటే, కూర్చుని ఆలోచించి పెట్టిన పేరు ఒక్కటీ నిలబడదు. మా గదిలో ఒకడు తనంతట తానే "నన్ను రాకీ అని పిలవండిరా" అన్నాడు. రెండో రోజుకల్లా ‘రోకలి’ అయ్యాడు. ఇంకొకడికి ‘ప్రొఫెసర్’ అని అతికించాలని నేను నెలల తరబడి పాటుపడ్డా. ఒక్క పిల్లకాయ కూడా పలకలేదు. మైదానంలో ఈ చివర్నుంచి ఆ చివరికి ‘ప్రొఫెసరూ’ అని అరిచి చూడండి, మధ్యలోనే ఊపిరి అయిపోతుంది.

ఇక ఒళ్ళు చూసి పెట్టే పేర్లు, నల్లోడు, బండోడు, బట్టతల. వాటిని నేను పేర్ల కిందే లెక్క వేయను. వాటి వెనక కథ లేదు, బద్ధకం ఉంది. పైగా పొట్టివాడు కనపడితే చాలు మా వాళ్ళకి నోరూరుకోదు. ఒక జూనియర్ అయితే నెల్లూరు జిల్లా పేరులో ఉన్న పొట్టి శ్రీరాములు గారిది కూడా అట్లా పెట్టిన పేరే అనుకున్నాడు! అది ఆయన ఇంటిపేరు నాయనా అని చెప్పి, టీ తాగించి పంపాల్సి వచ్చింది.

టీ అంటే గుర్తొచ్చింది, అసలు చెప్పాలనుకున్నది మా ఖాతాగాడి గురించి.

వాడిది విడవలూరు వైపు. చేరిన మొదటి వారం మా నలుగుర్నీ హాస్టల్ ఎదురు టీ బంకుకి తీసుకుపోయాడు. జేబులో చూసుకుంటే డబ్బుల్లేవు. బంకు అన్న నోటు పుస్తకం తెరిచి, తల ఎత్తకుండా "పేరు?" అన్నాడు. మావాడు కంగారులో "ఖాతా అన్నా" అన్నాడు. అంటే, ఖాతాలో రాసుకో అని. అన్న అదే పేరనుకుని, పేజీ పైన గుండ్రంగా ‘ఖాతా’ అని రాసి, కింద గీత గీసి, ‘టీ 4, సమోసా 3’ అని వేశాడు. మర్నాడు మేము రోడ్డు దాటుతుంటే "ఖాతా బాబూ, ఈ రోజు బన్ను ఉంది" అని కేకేశాడు.

చూశారా, పేరు పెట్టింది మేము కాదు. సంబంధం లేని మనిషి, ఎగతాళి ఉద్దేశం లేకుండా, నిజంగా అదే పేరని నమ్మి పిలిచాడు. అట్లాంటి పేరుని ఎవరూ పీకలేరు. వాడు మొదట్లో ఉడుక్కున్నాడు కూడా, దాంతో ఇంకా గట్టిపడింది. రెండో ఏడాదికి లెక్చరర్లు కూడా అదే పిలిచేవాళ్ళు. వాడి అసలు పేరు హాల్‌టికెట్ మీద చూస్తే ఎవరిదో అనిపించేది.

మధ్యలో ఒక గోడు. ఫోన్లో ఎవరు చేస్తున్నారో చూపించే యాప్‌లు వచ్చాక ఈ పేర్లు ఊరి పొలిమేర దాటిపోయాయి. మనవాళ్ళు ఏ పేరుతో సేవ్ చేసుకుంటే అదే లోకానికి కనిపిస్తుంది. లోన్ కోసం బ్యాంకుకి ఫోన్ చేస్తే, అవతల మేడమ్ "చీరాల దున్నపోతు గారేనా అండీ?" అంది. ‘దున్నపోతు’ ఎవడు చేర్చాడో ఇప్పటికీ తేలలేదు.

సరే. చదువులయ్యాక రెండేళ్ళకి ముగ్గురం ఖాతాగాడి ఊరికి పోయాం. వాళ్ళ నాయన నాలుగెకరాల్లో రెండు రొయ్యల గుంటలు వేశాడు, వెనామీ రకం. పంట యాభై రోజుల్లో ఉంది. మేము పోయేసరికి గట్టు మీద ఎవరూ మాట్లాడటం లేదు. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగితే మేత వేసింది వేసినట్టే ఉంది. రొయ్యలు గట్టు వారకి వచ్చి, చెయ్యి పెట్టినా కదలకుండా పడున్నాయి. ఖాతాగాడు ఒకదాన్ని తీసి తల మీది పెంకు ఊడదీసి వెలుగులో పట్టి చూపించాడు. సున్నం చుక్కల్లాగా తెల్లటి మచ్చలు. తెల్లమచ్చ వైరస్ తగిలితే ఇక మందు లేదు, వీలైనంత త్వరగా పట్టేయడమే. కిలోకి వంద తూగే పిల్ల రొయ్యకి ఏం ధర వస్తుంది?

గుంట పోయిందంటే నష్టం గుంటతో ఆగదు. మా వైపు చాలామంది మేత బస్తాలు డీలర్ దగ్గర అరువు మీదే తెచ్చుకుంటారు, పంట పట్టాక కట్టాలి. ఆ సాయంత్రానికే డీలర్ మోటార్ సైకిల్ మీద వచ్చి వరండాలో కూర్చున్నాడు, చంకలో పుస్తకం. వాళ్ళ నాయన ఎదురుగా నేల చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే, ఏం తెలియని రోకలిగాడు, దొడ్లో నుంచి గట్టిగా "ఒరేయ్ ఖాతా! ఖాతా ఎక్కడరా?" అని కేకేశాడు.

పెద్దాయన ఉలిక్కిపడి మా వైపు తిరిగాడు. రెండు చేతులూ కలిపి, "ఖాతా ఇప్పుడు తీయొద్దు నాయనా, వచ్చే పంటకి సర్దుతా" అన్నాడు.

ఎవరికి అంటున్నాడో ఆయనకే తెలియలేదనుకుంటా. రోకలిగాడు తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

మీరు అడిగిన ‘ఎప్పుడు మానేయాలి’కి నా దగ్గర ఉన్న సమాధానం ఇదొక్కటే. వాడు నొచ్చుకున్నాడా లేదా అని చూస్తుంటాం మనం. వాడేం నొచ్చుకోలేదు, వాడికి ఆ పేరంటే ఇష్టం కూడా. కానీ పేరులో ఉన్న మాట వాళ్ళింట్లో వేరే అర్థంతో తిరగడం మొదలైంది. వాడు చెప్పేదాకా ఆగకూడదు, ఎందుకంటే చెప్పడు. ‘ఇక నుంచి అలా పిలవం’ అని ప్రకటనలు కూడా చేయకూడదు, అది ఇంకో అవమానం. ఆ రాత్రి బస్సులో ముగ్గురం ఈ సంగతి ఎత్తనే లేదు, ఫోన్లు తీసి ఎవరికి వాళ్ళం పేరు మార్చుకున్నాం. కొన్నాళ్ళు ‘రేయ్’తో నెట్టుకొచ్చాం. అసలు పేరు నోరు తిరిగేది కాదు. మొదటిసారి నేను పేరు పెట్టి పిలిస్తే వాడు అవతల కాసేపు ఆగి, "ఏందిరా, నా మీద కోపమా?" అన్నాడు.

ఇప్పుడు వాడు నెల్లూరులోనే ఉద్యోగం చేస్తున్నాడు. కలిస్తే ఆ బంకుకే పోతాం. బంకు అన్నకి మాత్రం ఏమీ తెలియదు, వాణ్ణి చూడగానే "రా ఖాతా బాబూ" అంటాడు, వాడు నవ్వుతాడు. అన్న పుస్తకం మీద చెయ్యి వేసేలోపే మాలో ఎవడో ఒకడు టీ డబ్బులు ఇచ్చేస్తాడు.