అసలు తిరిగొచ్చాక వచ్చే డబ్బు సంగతి

చిన్నా,

నువ్వు పంపిన లెక్కల కాగితం రెండుసార్లు చూశాను. చేతిలో ఉన్న 10 లక్షలతో పాత కోత మిషన్ కొంటే ఖర్చులు పోను ఏడాదికి 4 లక్షల చొప్పున నాలుగేళ్లు వస్తుంది, ఆ తర్వాత అది తుక్కే. మామిడి తోట వేస్తే నాలుగేళ్లు ఏమీ రాదు. 5, 6 ఏళ్లలో 3 లక్షల చొప్పున, 7 నుంచి 15వ ఏడు దాకా 5 లక్షల చొప్పున వస్తుందని రాశావు. మిషన్ అసలు రెండున్నరేళ్లలో తిరిగొస్తుంది, తోటకి దాదాపు ఏడేళ్లు పడుతుంది కాబట్టి మిషనే మేలని కింద గీత గీశావు.

నీ కూడికల్లో తప్పు లేదు. కానీ ఐదో ఏడు వచ్చే 100 రూపాయలను ఇవాళ్టి 100తో సమానం చేశావు. 12 శాతం వడ్డీకి ఇవాళ 57 రూపాయలు వేస్తే ఐదేళ్లకు 100 అవుతుంది. అంటే ఐదో ఏటి 3 లక్షలు ఇవాళ్టి లెక్కలో 1.70 లక్షలే. ఇలా ప్రతి ఏడాదినీ తగ్గించి కూడుతూ పోతే 10 లక్షల అసలు ఎన్నాళ్లకు తిరిగొస్తుందో చెప్పేదే డిస్కౌంటెడ్ పేబ్యాక్. మిషన్‌కి మూడేళ్ల రెండు నెలలు, తోటకి తొమ్మిదేళ్ల ఐదు నెలలు. తోట ఇంకా వెనకబడింది కదా!

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. బ్యాంకులో పనిచేసిన రోజుల్లో నేనూ ఆగిపోయి, ఒక రైతు తోట లోను దరఖాస్తు వెనక్కి పంపాను. ఆ తప్పు ఇప్పటికీ బాధపెడుతుంది. అసలు తిరిగొచ్చిన రోజుతో ఈ రెండు లెక్కలూ కళ్లు మూసుకుంటాయి. తోటకి ఆ తర్వాత ఇంకా ఐదేళ్లకు పైగా కాపు ఉంది. చివరి దాకా కూడి 10 లక్షలు తీసేస్తే ఇవాళ్టి విలువలో మిషన్‌కి 2.15 లక్షలు, తోటకి 6.7 లక్షలు మిగులుతుంది.

నాలుగేళ్లకొకసారి ఇంకో మిషన్ కొనుక్కోవచ్చు కదా అంటావు. న్యాయమైన మాటే. అందుకే ఆ మిగులును 12 శాతం వడ్డీతో ఏడాదికింత అని సమానంగా పంచి చూశాను. మిషన్‌కి సుమారు 71 వేలు, తోటకి 99 వేలు.

అలా అని తోటకే ఓటు వేయకు. ఆలస్యంగా వచ్చే డబ్బు వడ్డీ రేటు మీద వేలాడుతుంది. 16 శాతం పెడితే మిషన్‌కి 43 వేలు, తోటకి 38 వేలు. తారుమారైపోయింది! నీకు అప్పు ఎంత వడ్డీకి దొరుకుతుందో ముందు గట్టిగా కనుక్కో. ఒక ఏడాది పూత రాలిపోతే ఏమవుతుందో కూడా అదే కాగితం మీద వేసి చూడు.

పేబ్యాక్ లెక్కని పూర్తిగా పారేయకు. చేతిలో డబ్బు ఎన్నాళ్లు ఆడదో చెప్పేది అదే. తోట కాపుకొచ్చే దాకా ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు ఎక్కణ్ణుంచి వస్తాయో నెలవారీగా రాసి పంపు. అది చూశాక మాట్లాడుకుందాం.

మీ బాబాయి