400 పెళ్లి కార్డులకు రెండు కొటేషన్లు: ఏది తక్కువ?

“ఒకరు కార్డు 24 రూపాయలు, అన్నీ కలిపే అన్నారు. ఇంకొకరు 17, ప్లేట్లు, బ్లాక్ ఖర్చు వేరే అన్నారు. 400 కార్డులు కావాలి, ఏది తీసుకోవాలి?”

అండి, ముందు రెండో ఆయన్ని ఆ వేరే ఖర్చు మొత్తం ఎంతో అడగండి. అచ్చు వేసే ప్లేట్లకు 1,200, బంగారు ఫాయిల్ అద్దే బ్లాక్‌కు 1,500 అన్నాడనుకోండి, 6,800కి 2,700 కలిపితే 9,500, మొదటి ఆయనది 9,600, అంటే తేడా వంద రూపాయలే. కానీ ప్లేటు, బ్లాక్ ఖర్చు ఒక్కసారే కాబట్టి 600 వేయిస్తే 12,900, 14,400 అవుతాయి, అప్పుడు రెండోదే లాభం. తర్వాత ఓ యాభై తక్కువైతే మళ్లీ మెషీన్ ఎక్కించడానికి డబ్బులు అడుగుతారు, అందుకే ముందే కాస్త ఎక్కువ వేయించండి.

ఇద్దరూ ఒకే కాగితం చెప్పారా? కాగితం బరువు ఒకరు 300 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు, ఇంకొకరు 250 చెప్పి ఉంటే ఈ లెక్కంతా తప్పు. ఆ కాగితం మీదే వేసిన పాత కార్డు అడిగి మడిచి చూడండి, మడత దగ్గర రంగు పగిలి తెల్లగా కనిపిస్తే వద్దు. మనం మూలలకు పసుపు రాస్తాం కదా, మెరిసే గ్లాసీ లామినేషన్ మీద అది సరిగా పట్టదు, శాంపిల్ మీద రాసి చూడండి. జీఎస్టీ, కవర్లు కలిపారో లేదో కాగితం మీద రాయించుకోండి.