కాన్వెక్స్ హల్ కోడ్‌లో పాప్ చేసేటప్పుడు `if` కాకుండా `while` ఎందుకు?

ప్రశ్న: పాయింట్లని x ప్రకారం సార్ట్ చేసి, స్టాక్‌లో వేస్తూ, మలుపు తప్పు అయితే పాప్ చేయాలి అని చదివా. క్రాస్ ప్రాడక్ట్ ఫార్ములా బట్టీ పట్టా కానీ అసలు ఏం జరుగుతుందో కళ్ళకి కట్టట్లేదు. ఒక్కసారి పాప్ చేస్తే చాలదా, `while` ఎందుకు? ఇంకోటి, నా కోడ్ చిన్న టెస్టుల్లో కరెక్టుగానే వస్తుంది, పెద్ద నంబర్లు ఇస్తే హల్ లోపలికి సొట్ట పడుతుంది.

జవాబు:

మీ చివరి లైన్ చదవగానే ఆగిపోయానండి, అచ్చం ఇదే సొట్టతో నేను బెంగళూరులో రెండు రోజులు కొట్టుకున్నా. దాని సంగతి చివర్లో చెప్తా, ముందు మలుపు అర్థం కావాలి, అది కుదిరితే `while` కి వేరే సమాధానం అక్కర్లేదు.

హల్ అంటే పాయింట్లన్నిటినీ చుట్టి, ఎక్కడా లోపలికి సొట్ట లేకుండా బిగుతుగా కట్టిన కంచె. ఒక పొలం చుట్టూ కంచె ఉందనుకోండి, మీరు కంచె వెంబడే బండి మీద వెళ్తున్నారు, పొలం ఎప్పుడూ మీ ఎడమ చేతి వైపే ఉండాలి. కంచెకి ఎక్కడా లోపలికి సొట్ట లేకపోతే ప్రతి మూలలోనూ హ్యాండిల్ ఎడమకే తిప్పుతారు, ఒక్క మూలలో కుడికి తిప్పాల్సి వచ్చిందంటే ఆ మూల లోపలికి నొక్కుకుపోయి ఉందన్నమాట. ఆల్గోరిథం మొత్తం ఈ ఒక్క పరిశీలన మీదే నడుస్తుంది. మూడు పాయింట్లు తీసుకోండి, o నుంచి a కి వెళ్ళి అక్కణ్ణుంచి b కి తిరగాలి, ఎడమకా కుడికా అని అడిగితే ఈ ఫంక్షన్ చెప్తుంది:

```java
static long cross(long[] o, long[] a, long[] b) {
    return (a[0] - o[0]) * (b[1] - o[1])
         - (a[1] - o[1]) * (b[0] - o[0]);
}
```

పాజిటివ్ వస్తే ఎడమ, నెగటివ్ వస్తే కుడి, సున్నా వస్తే మూడూ ఒకే గీత మీద ఉన్నట్టు. ఈ నంబర్ సైజుకి కూడా ఒక అర్థం ఉంది, అది ఆ మూడు పాయింట్ల త్రిభుజం వైశాల్యానికి సరిగ్గా రెట్టింపు (గుర్తుతో సహా). ఇది గుర్తుపెట్టుకోండి, నా బగ్ మొత్తం ఇక్కడే దాక్కుంది.

ఇప్పుడు సార్టింగ్. x ప్రకారం ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటే (x సమానమైతే y చూసి, డూప్లికేట్లు తీసేసి) కొత్తగా వచ్చే ప్రతి పాయింట్ అప్పటిదాకా వచ్చినవాటిలో అన్నిటికంటే కుడివైపున ఉంటుంది, కాబట్టి ఆ క్షణానికి అది హల్ మీద ఖచ్చితంగా ఉంటుంది. అందుకే కోడ్‌లో కొత్త పాయింట్‌ని వెయ్యాలా వద్దా అనే ప్రశ్న ఉండదు, వేసి తీరతాం, దాని వల్ల వెనక ఎవరెవరు పోవాలి అన్నదే ప్రశ్న. హల్‌ని కింది సగం, పై సగం అని రెండు గొలుసులుగా కడతాం. h అంటే స్టాక్, k అంటే అందులో ఎన్ని పాయింట్లు ఉన్నాయో. కింది వైపు గొలుసు కట్టే లూప్ ఇంతే:

```java
for (long[] p : pts) {
    while (k >= 2 && cross(h[k-2], h[k-1], p) <= 0) k--;
    h[k++] = p;
}
```

1972లో గ్రాహం రాసిన పద్ధతిలో సార్టింగ్ కోణం ప్రకారం ఉంటుంది, x ప్రకారం చేసే ఈ పద్ధతి 1979లో ఆండ్రూది. నాకైతే ఇదే ఇష్టం, ఒకే కోణంలో రెండు పాయింట్లు ఉంటే ఏది ముందు రావాలి అనే గొడవ ఇందులో ఉండదు.

మీరు పేపర్ తీసి ఈ ఆరు పాయింట్లు గీయండి, నిజంగా గీయండి, చదివితే ఎక్కదు: A(0,8), B(1,6), C(3,5), D(5,6), E(6,0), F(7,7). ఇప్పటికే సార్ట్ అయి ఉన్నాయి.

A, B నేరుగా స్టాక్‌లోకి వెళ్తాయి. C వచ్చింది, A-B-C మలుపు +3, ఎడమ, వేసేయండి. D వచ్చింది, B-C-D మలుపు +4, అదీ ఎడమే, వేసేయండి. స్టాక్ ఇప్పుడు A B C D, గిన్నె అడుగులా చక్కగా వంగి ఉంటుంది, ఇంతవరకు ఏ తప్పూ లేదు.

అప్పుడు E వస్తుంది, పాతాళంలో ఉంది అది. C-D-E చూస్తే 2×(−5) − 1×3 = −13, కుడి మలుపు. C నుంచి E కి గీత గీస్తే D దానికి పైన ఉంటుంది, అంటే కింది సరిహద్దులో D మూల అయ్యే ప్రసక్తే లేదు, ఇంక ఎన్ని పాయింట్లు వచ్చినా C, E రెండూ పేపర్ మీద అక్కడే ఉంటాయి కాబట్టి D మళ్ళీ లేచి రాదు. అందుకే పాప్ చేసి మర్చిపోవచ్చు.

మీ `if` ఇక్కడ ఆగిపోతుంది, E ని వేసేస్తుంది, స్టాక్ A B C E అవుతుంది. పేపర్ మీద చూడండి, B నుంచి C కి వెళ్ళి E కి దూకితే C దగ్గర కుడికే తిరుగుతున్నారు ఇంకా! లెక్క చూసినా B-C-E = 2×(−6) − (−1)×5 = −7. నిన్నటిదాకా C బాగానే ఉంది, D పోవడం వల్ల C పక్కింటివాళ్ళు మారిపోయారు, పక్కన కొత్తవాళ్ళు వస్తే మళ్ళీ మలుపు చూడాల్సిందే కదా. `while` చేసేది అదే, C ని కూడా తీసేసి A-B-E చూస్తుంది: 1×(−8) − (−2)×6 = +4, ఎడమ, ఇక్కడ ఆగుతుంది. ఇంకా వెనక్కి వెళ్ళక్కర్లేదు, ఎందుకంటే స్టాక్‌లో B కింద ఉన్న మూలలన్నీ ముందే ఎడమ మలుపులుగా తేలినవే, వాటి పక్కింటివాళ్ళు ఎవరూ మారలేదు. E పడ్డాక F వస్తుంది, B-E-F = +41, కింది గొలుసు A B E F.

తర్వాత అదే లూప్ కుడి నుంచి ఎడమకి తిప్పితే పై గొలుసు వస్తుంది. మొదట F, E పడతాయి, D రాగానే −13 వచ్చి E పోతుంది, అది మామూలే. తర్వాత C వచ్చినప్పుడు F-D-C మలుపు సరిగ్గా 0 వస్తుంది చూడండి, మూడూ ఒకే గీత మీద ఉన్నాయి. `<= 0` అని రాశాం కాబట్టి D పోతుంది. `< 0` అని రాస్తే అలాంటి మధ్య పాయింట్లు స్టాక్‌లో ఉండిపోతాయి, నిజంగా హల్ అంచు మీద ఉంటే జవాబులోకి కూడా వస్తాయి. మూలలు మాత్రమే కావాలా, అంచు మీదివన్నీ కావాలా అనేది లెక్కని బట్టి, కానీ చాలామందికి తప్పు ఆన్సర్ వచ్చేది ఈ ఒక్క `=` దగ్గరే. ఆ పైన −8 తో C, −13 తో B పోయి చివరికి పై గొలుసు F నుంచి నేరుగా A కి. రెండూ కలిపితే హల్ A B E F.

లూప్ లోపల లూప్ ఉంది కాబట్టి n² అవుతుందేమో అని భయపడకండి. ప్రతి పాయింట్ ఒక గొలుసులో ఒక్కసారే లోపలికి వస్తుంది, బయటికి పోతే ఒక్కసారే పోతుంది, కాబట్టి పాప్‌లన్నీ కలిపినా n దాటవు. ఖర్చంతా సార్టింగ్‌దే, O(n log n).

ఇప్పుడు మీ సొట్ట. నేను అప్పుడు బీటీఎం ఏరియాలో పీజీ హాస్టల్లో ఉండేవాణ్ణి, ఒక చిన్న కంపెనీలో డెలివరీలు ఎక్కడెక్కడ జరుగుతున్నాయో వాటి జీపీఎస్ పాయింట్ల చుట్టూ హల్ గీసి మ్యాప్ మీద చూపించే పని నాది. డెసిమల్స్‌తో పెట్టుకుంటే ఒకే గీత మీద ఉన్న పాయింట్లకి సున్నా బదులు పిసరంత ప్లస్సో మైనస్సో వచ్చి గందరగోళం అవుతుందని, డిగ్రీలని 10 లక్షలతో గుణించి పూర్ణాంకాలు చేశా. ఇది మంచి నిర్ణయమే, ఇప్పటికీ అలాగే చేస్తా, ఒక్క యూనిట్ అంటే నేల మీద సుమారు 11 సెంటీమీటర్లు, జీపీఎస్‌కి అంతకంటే ఎందుకు. కానీ వాటిని జావాలో `int` లో పెట్టా, అక్కడ కాలు జారింది.

కోరమంగళ డేటాతో టెస్ట్ చేస్తే అద్భుతంగా వచ్చింది, హెచ్ఎస్ఆర్ కూడా బాగుంది, ఊరు మొత్తం డేటా పెట్టగానే హల్‌లో లోపలికి సొట్టలు, కొన్ని బయటి పాయింట్లు హల్ బయటే మిగిలిపోయాయి. రఫ్‌గా ఒక లెక్క వేసి చూపిస్తా. కెంగేరిని (0,0) అనుకుంటే వైట్‌ఫీల్డ్ సుమారు (260000, 60000), యలహంక (110000, 190000). కెంగేరి నుంచి తూర్పుగా వైట్‌ఫీల్డ్ వెళ్ళి యలహంకకి తిరగాలంటే ఎడమకే తిరగాలి, మ్యాప్ చూసిన ఎవరైనా చెప్తారు. లెక్క: 260000×190000 − 60000×110000 = 42800000000. ఇది `int` లో పట్టదు, దాని గరిష్ఠం 2147483647, చుట్టూ తిరిగి చివరికి మిగిలేది −149672960. నెగటివ్! ఎడమ మలుపు కుడి అయిపోయింది, వైట్‌ఫీల్డ్‌ని పాప్ చేసేసింది, ఎర్రర్ లేదు, ఏమీ లేదు.

చిన్న ఏరియాలో ఎందుకు రాలేదంటే పైన చెప్పిన వైశాల్యం సంగతే. ఆ నంబర్ త్రిభుజం వైశాల్యానికి రెట్టింపు కదా, బెంగళూరు దగ్గర ఈ స్కేల్‌లో త్రిభుజం సుమారు 13 చదరపు కిలోమీటర్లు దాటితే `int` హద్దు దాటుతుంది. దాటిన ప్రతిసారీ గుర్తు తిరగబడదు, కొన్నిసార్లు చుట్టూ తిరిగి మళ్ళీ పాజిటివ్‌లోనే పడుతుంది, అందుకే సొట్టలు అక్కడొకటి ఇక్కడొకటి వచ్చి పిచ్చెక్కిస్తాయి. పొడవుగా సన్నగా ఉన్న త్రిభుజాలైతే ఎంత దూరం ఉన్నా సరిగ్గానే వస్తాయి.

రెండు రోజులు ఎందుకు పట్టిందో కూడా చెప్తా, ఎందుకంటే మీరూ అదే చేస్తారు. నేను హల్‌ని చెక్ చేయడానికి "ప్రతి మూలలో ఎడమ మలుపే ఉందా" అని ఒక టెస్ట్ రాశా, అది పాస్ అయింది. ఎందుకు పాస్ కాదు, ఆ టెస్ట్‌లో కూడా అదే `cross` ని పిలిచా, అబద్ధం చెప్పే సాక్షినే మళ్ళీ అడిగినట్టు. చివరికి మా టీమ్‌లో కర్నూలు నుంచి వచ్చిన ఒక అన్న అదే డేటా పైథాన్‌లో వేయమన్నాడు, అక్కడ పూర్ణాంకాలకి హద్దు లేదు, రెండు హల్‌లు పక్కపక్కన పెట్టగానే తెలిసిపోయింది.

కాబట్టి మీరు ముందు కోఆర్డినేట్లని `long` చేయండి. `(long)(a * b)` అని బయట కాస్ట్ పెడితే లాభం లేదు, గుణకారం అప్పటికే `int` లో జరిగిపోయి ఉంటుంది, గుణించకముందే `long` అయి ఉండాలి. కోఆర్డినేట్లు −10⁹ నుంచి 10⁹ దాకా ఉన్నా తేడా 2×10⁹, ఒక్కో లబ్ధం 4×10¹⁸, రెండిటి తేడా మహా అయితే 8×10¹⁸, `long` లో 9.2×10¹⁸ దాకా పడుతుంది కాబట్టి సరిపోతుంది. అది చేశాక సొట్ట పోయి, మలుపులు మాత్రం ఉల్టాగా కనిపిస్తే y అక్షం చూడండి, స్క్రీన్ పిక్సెల్స్‌లో y కిందికి పెరుగుతుంది, అక్కడ పాజిటివ్ వస్తే కంటికి కుడి మలుపులా కనిపిస్తుంది, హల్ మాత్రం కరెక్టే, తిరిగే దిక్కే ఉల్టా. అప్పటికీ సొట్ట పోకపోతే మీ ఇన్‌పుట్ ఫార్మాట్, సార్ట్ చేసే లైన్ ఇక్కడ పెట్టండి, చూస్తా.