గమకం మెట్లెక్కితే ఏం చేయాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలో సౌండ్ ఇంజనీరింగ్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. సాలిగ్రామంలోని ఒక చిన్న స్టూడియోలో అసిస్టెంట్ పనికి పరీక్షగా, ఒక అమ్మాయి పాడిన పల్లవి ఇచ్చి శ్రుతి సరిచేయమన్నారు. మోహన రాగం, ఐదున్నర శ్రుతి. ఆటో-ట్యూన్‌లో రాగంలోని ఐదు స్వరాలు మాత్రమే ఉంచి, Retune Speed 5 పెట్టాను. విన్నాక ‘శ్రుతి కుదిరింది గాని పాడిన పిల్ల మాయమైంది’ అన్నారు. మళ్లీ చేసి తెమ్మని వారం గడువిచ్చారు. సరైన సెట్టింగ్ ఏది? ఈ పని నేర్చుకుంటే ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక విద్యార్థి, వడపళని

జవాబు: మీకు గడువిచ్చిన ఆ పెద్దమనిషి మంచివారు. నేను ఈ సలహాల పనిలోకి రాకముందు కోడంబాక్కంలో కొన్నేళ్లు గొంతులే సరిచేశాను. నా మొదటి పని విన్న సంగీత దర్శకుడు మాట కూడా అనకుండా ట్రాకు తీసేసి, పాత టేకునే వాడుకున్నారు. ఎందుకు తీసేశారో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

మీరు పెట్టిన 5 అంటే మిల్లీసెకన్లు. గొంతు స్వరం తప్పిందని గుర్తించాక దాన్ని సరైన చోటికి ఎంత త్వరగా లాగాలో అది చెబుతుంది. సున్నా పెడితే లాగడం తక్షణం జరుగుతుంది, అదే యంత్రం గొంతు. నిలిపి పాడిన స్వరంలో గొంతు సహజంగా సెకనుకు ఐదారు సార్లు కంపిస్తుంది. ఒక్కో కంపనానికి దాదాపు 180 మిల్లీసెకన్లు పడుతుంది. 5 దగ్గర సాఫ్ట్‌వేర్ ఆ కంపనం వెంటపడి పూర్తిగా చదును చేసేస్తుంది. చదునైన స్వరం శ్రుతిలోనే ఉంటుంది, ప్రాణం మాత్రం ఉండదు.

కాబట్టి Humanize ను సున్నా దగ్గర పెట్టి, Retune Speed ను 5 నుంచి నెమ్మదిగా పెంచుతూ పోండి. పల్లవిలో తప్పిన పొట్టి స్వరాలు ఇంకా సరిపడుతున్నంత వరకూ పెంచవచ్చు. సాధారణంగా అది 20, 30 మధ్య ఎక్కడో ఆగుతుంది. ఆ తరవాతే Humanize ను పెంచాలి. అది దీర్ఘంగా నిలిచిన స్వరాల మీద మాత్రమే లాగుడును నెమ్మది చేస్తుంది, పొట్టి స్వరాలను ముట్టుకోదు. రెండూ ఒకేసారి తిప్పితే ఏది ఏం చేసిందో మీకే తెలియదు. ఈ ప్లగిన్‌ను రివెర్బ్ కంటే ముందు, పొడి గొంతు మీదే పెట్టాలని మీకు తెలిసే ఉంటుంది.

ఇంతవరకూ ఏ పాప్ పాటకైనా సరిపోతుంది. మీ చేతిలో ఉన్నది మోహనం, చిక్కు అక్కడే ఉంది.

ఐదున్నర శ్రుతిలో షడ్జం G#. అంటే రిషభం A#, గాంధారం C, పంచమం D#, ధైవతం F. పల్లవిలో ‘వెన్నెలా’ వంటి మాట ఉండి, ‘లా’ మీద ఆమె పంచమం నుంచి గాంధారానికి జారుగా దిగిందనుకుందాం. కీబోర్డు మీద అది మూడు మీటల దూరం. మీరు మధ్యలోని D, C# లను తీసేశారు. కనుక గొంతు దిగుతున్నా సాఫ్ట్‌వేర్ సగం దారి వరకూ దాన్ని పంచమం దగ్గరే పట్టి ఉంచుతుంది. ఆ సగం దాటగానే గాంధారం మీదికి విసిరేస్తుంది. జారు పోయి గెంతు మిగులుతుంది. పన్నెండు స్వరాలూ ఉంచితే గెంతు పోతుంది గాని, నాలుగు మెట్లు కనబడతాయి. పైగా ఆమె గాంధారంలో సగం మీట కంటే ఎక్కువ తప్పితే, సాఫ్ట్‌వేర్ దాన్ని పక్క స్వరానికే చేర్చి స్థిరం చేస్తుంది. అప్పుడు రాగమే మారిపోతుంది.

ఈ రెండింటికీ నడుమ ఒక దారి ఉంది. స్వరాల పట్టికలో ప్రతి స్వరానికీ Remove, Bypass అనే రెండు మీటలు ఉంటాయి. మీరు Remove నొక్కారు. రాగంలో లేని ఏడు స్వరాలకూ దాని బదులు Bypass పెట్టండి. అప్పుడు గొంతు D, C# ప్రాంతంలో ఉన్నంత సేపూ సాఫ్ట్‌వేర్ చేయి వేయదు, జారు దారిలో స్వేచ్ఛగా సాగుతుంది. పంచమం, గాంధారాల దగ్గరికి వచ్చినప్పుడే సన్నగా సర్దుతుంది. Flex-Tune ను కొంచెం పెంచితే ఆ సర్దుబాటు స్వరానికి బాగా దగ్గరైనప్పుడే మొదలవుతుంది. దీనికీ ఒక హద్దుంది. ఆమె సగం మీట కంటే ఎక్కువగా తప్పిన చోటు Bypass ప్రాంతంలో పడి, తప్పు తప్పుగానే మిగిలిపోతుంది. అటువంటివి పల్లవిలో రెండో మూడో ఉంటాయి. వాటిని చేత్తో దిద్దాలి.

చేత్తో దిద్దడానికి మెలోడైన్ నయం. అందులో స్వరం మధ్యబిందువును, కంపనాన్ని, నెమ్మదిగా జరిగే ఒరుగును వేరువేరుగా పట్టుకోవచ్చు. మధ్యబిందువును మాత్రమే కదపండి, కంపనాన్ని ముట్టుకోకండి. సాఫ్ట్‌వేర్ జారును రెండు ముక్కలుగా కోసిందో, గమకాన్ని ఒకే స్వరంగా చుట్టేసిందో ముందు చూసుకుని, కోతను మీరే సరిచేయాలి. దానంతట అది అన్నిటినీ సరిదిద్దే బొత్తాము జోలికి వెళ్లకండి.

మరొకటి, చాలామంది పట్టించుకోనిది. ట్రాకులో తంబూరా ఉందా, లేక కీబోర్డు తీగలా? తంబూరాకు పాడిన అంతర గాంధారం, కీబోర్డు గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు కిందుగా నిలుస్తుంది. ఒక మీట దూరం 100 సెంట్లు. అది తప్పు కాదు, ఆ స్వరం చోటే అది. మీ ప్లగిన్‌కు అది తెలియక పైకి నెడుతుంది. తంబూరా ఉంటే C కి కూడా Bypass పెట్టండి. కీబోర్డు, గిటారు ఉన్న సినిమా పాటైతే ఆ మినహాయింపు అక్కరలేదు.

పూర్తయ్యాక కళ్లు మూసుకుని, ప్లగిన్ వేస్తూ తీస్తూ వినండి. ‘స’, ‘శ’ అక్షరాల దగ్గర గరగర వస్తోందా, స్వరం మొదలయ్యే చోట చిన్న కుదుపు ఉందా, ఊపిరిలో ఏదో స్వరం మోగుతోందా అని చూడండి. వెనక తంబూరా సన్నగా ఊగుతోందంటే, రికార్డింగులో హెడ్‌ఫోన్ల శబ్దం మైకులోకి కారిందని అర్థం. గొంతును లాగినప్పుడల్లా అదీ కదులుతుంది. దానికి సెట్టింగ్ లేదు, ఆ వరుస మళ్లీ పాడించమని చెప్పడమే.

ఉద్యోగం సంగతి. ‘శ్రుతి దిద్దేవాడు కావలెను’ అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. టేకులు ఏరి అతకడం, ఊపిరులు సర్దడం, శ్రుతి చూడడం, అన్నీ కలిపి అసిస్టెంట్ పని. జీతం మొదట్లో మీ గది అద్దెకు సరిపోతే గొప్ప, ఇంట్లో వాళ్లకు అది ముందే చెప్పండి. మీకు చదువు కొనసాగించాలని ఉంటే తరమణిలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడియోగ్రఫీ కోర్సు ఉంది, దాని ప్రవేశ వివరాలు చూడండి. ఈలోగా మార్గళి కచేరీలలో ముందు వరుస ఖాళీ దొరికితే కూర్చుని, గాంధారం ఎక్కడ నిలుస్తోందో వినండి.

వచ్చే వారం స్టూడియోకు మూడు ఫైళ్లు తీసుకెళ్లండి: అసలు గొంతు, మీరు మొదట చేసింది, ఇప్పుడు చేసింది. ఎక్కడెక్కడ చేయి వేయలేదో ఒక కాగితం మీద నిమిషం, సెకను రాసి వాటితో పాటు ఇవ్వండి. ఆయన ముందుగా చదివేది ఆ కాగితమే.