టాక్సీ దిగేముందు డబ్బులు ఇప్పించు

అమ్మాయ్,

నీ కథ రెండుసార్లు చదివాను. తెహ్రాన్ చలి బాగా రాశావు. కానీ మూడో పేజీలో నీ కథానాయిక టాక్సీ దిగి ఎంతయిందని అడిగింది. డ్రైవర్ "గాబెల్ నదారె" అన్నాడు. ఆమె థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది. అతను చిరునవ్వు నవ్వాడు. మానవత్వం ఇంకా బతికే ఉందని నువ్వు దాని మీద ఒక పేరా కూడా రాసేశావు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఆ డ్రైవర్ నవ్వడు తల్లీ, నోరు వెళ్ళబెట్టి చూస్తాడు.

"గాబెల్ నదారె" అంటే అది మీ స్థాయికి తగినంత విలువైనదేమీ కాదని. టాక్సీవాడూ అంటాడు, కొట్టువాడూ అంటాడు. డబ్బు వద్దని దాని అర్థం కాదు. ఇరాన్‌లో ఒకరు పైకి వద్దంటే ఇంకొకరు బలవంతపెట్టే మర్యాద ఆటని తారొఫ్ అంటారు, అందులో అది మొదటి వంతు, అంతే. ఆమె "ఖాహెష్ మీకొనమ్, ఎంతో చెప్పండి" అనాలి. అతను "ఈసారికి మా అతిథి అనుకోండి" అంటాడు. ఆమె నోటు చేతిలో పట్టుకుని మళ్ళీ అడుగుతుంది. అప్పుడు అంకె బయటికొస్తుంది. మొత్తం పది సెకన్ల పని. నువ్వు మొదటి వంతు దగ్గరే ఆట ఆపేసి పాపం అతని బాడుగ ఎగ్గొట్టించావు.

నేను ఎప్పటినించో మొత్తుకుంటున్నది ఇదే. సంభాషణ రాసేటప్పుడు మాటకి అర్థం వెతికితే చాలదు, వంతులు లెక్కపెట్టాలి. ఒకప్పుడు ఒక వారపత్రిక ఎడిటర్ నా కథలో టీ సన్నివేశం కోసేశాడు. "మూడుసార్లు వద్దనడమేమిటండీ, సాగదీత" అన్నాడు. అచ్చులో అతిథి ఒక్కసారి వద్దంది, ఇల్లాలు ట్రే లోపలికి పట్టుకుపోయింది. తర్వాత ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది, ఆ ఇద్దరికీ పాత గొడవేమైనా ఉందా అని! కోపం ఆయన మీద ఇంకా ఉంది.

టీ సంగతి అసలు ఇలా జరుగుతుంది. "బెఫర్మాయిద్" అని ఇల్లాలు అందిస్తుంది. "మీకు శ్రమ" అంటుంది అతిథి. "శ్రమేముంది" అంటుంది ఇల్లాలు. "ఇప్పుడే తాగొచ్చాను" అంటుంది అతిథి. ఇక ఇల్లాలు అడగదు, గ్లాసు ముందు పెట్టేస్తుంది. "దస్తెతూన్ దర్ద్ నకొనె", అంటే మీ చెయ్యి నొప్పిపుట్టకుండుగాక అని తీసుకుంటుంది అతిథి. "నూషె జాన్", అంటే హాయిగా పుచ్చుకోండి అని జవాబు. మూడు అనేది చట్టం కాదు. దగ్గర స్నేహితుల మధ్య ఒక్కటితో సరిపోతుంది, పెద్దవాళ్ళింట్లో ఇంకో రెండు పడతాయి.

నిజంగానే వద్దనుకుంటే? "తారొఫ్ నెమీకొనమ్", నేను తారొఫ్ చేయడం లేదు అనొచ్చు. కానీ తారొఫ్ చేసేవాళ్ళు కూడా అదే మాట అంటారు, కాబట్టి నమ్మరు. డాక్టర్ వద్దన్నాడనో, ఇంకోటో కారణం చెప్పాలి. అప్పటికీ వదలకపోతే గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగి పక్కన పెట్టడమే. మన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వడ్డించేస్తారే, అప్పుడు మనం చేసే పనే.

అడిగేవాళ్ళది ఉత్త మాటో నిజమో తెలుసుకోవడం నాకు పరువు పోయాక వచ్చింది. తెహ్రాన్‌లో లెక్కలు రాసే ఉద్యోగం చేసేటప్పుడు, ఒక మధ్యాహ్నం ఇంటి ఓనరు మెట్ల మీద తాళంచెవి చేతిలో పట్టుకుని "రండి, భోంచేద్దాం" అన్నాడు. ఆకలితో ఉన్నాను, సరే అన్నాను. లోపల గిన్నెల చప్పుడు, గుసగుసలు. ఆయన రొట్టెలకి బయటికి పరుగెత్తాడు. అరగంట తర్వాత నా ముందు గుడ్లట్టు. ఆయనొక్కడే "నూషె జాన్, నూషె జాన్" అంటూ కూర్చున్నాడు. ఇలాంటి ఉత్తుత్తి పిలుపుకి వాళ్ళకి పేరు కూడా ఉంది, "తారొఫె షా అబ్దొలజీమీ". తెహ్రాన్‌కి దక్షిణాన రేయ్‌లో షా అబ్దొలజీమ్ దర్గా ఉంది. అక్కడికొచ్చిన తెహ్రాన్ వాళ్ళు ఎలాగూ సాయంత్రానికి తిరిగిపోతారని తెలిసే స్థానికులు రాత్రికి ఉండమనేవాళ్ళట.

నెల తర్వాత అదే ఓనరు నా తలుపు తట్టాడు. "శుక్రవారం, ఒంటిగంటకి, మా ఆవిడ గొర్మె సబ్జీ చేస్తోంది." రోజు, వేళ, కూర, మూడూ చెప్పాడు. అది పిలుపు. అయినా నేను రెండుసార్లు వద్దన్నాను, అప్పటికి నేర్చుకున్నాను మరి. ఆయన వదల్లేదు.

ఏ పత్రికకి పంపాలని అడిగావు, శీర్షిక బాగుందా అని కూడా అడిగావు. ముందు ఆ మానవత్వం పేరా కొట్టేయ్. మూడు వంతులూ రాసి డబ్బులు ఇప్పించు. ఇంత వినయం తర్వాత అతను చెప్పే అంకె మామూలు కన్నా ఎక్కువే కావచ్చు. అప్పుడు ఆమె గొంతు మార్చి బేరం మొదలుపెట్టాలి, అది కూడా రాయి.