సైటేషన్ ఇచ్చినా మెథడ్స్ చాప్టర్ సిమిలారిటీలో ఎందుకు దొరుకుతుంది?

ప్రశ్న: బయోకెమిస్ట్రీ థీసిస్ డ్రాఫ్ట్‌కి సిమిలారిటీ 22 శాతం వచ్చింది. ఎక్కువగా మెథడ్స్ చాప్టరే. ప్రతి పద్ధతికీ సైటేషన్ ఉంది. అందరూ ల్యాబ్‌లో చేసే పరీక్షలనే వేరేలా ఎలా రాస్తాం? గైడ్ పదిలోపు తెమ్మంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

నాకు 24 వచ్చింది. నేనూ మీలాగే "సైటేషన్ ఇచ్చాను కదా" అని లైబ్రరీలో వాదించాను. అక్కడి సార్ ఒక్క మాటన్నారు: "ఆ పద్ధతి ఎవరిదో సైటేషన్ చెబుతుందమ్మా, ఆ వాక్యాలు ఎవరివో చెప్పదు." సాఫ్ట్‌వేర్ చూసేది వాక్యాలనే. పక్కన బ్రాకెట్లో పేరు, సంవత్సరం ఉన్నంత మాత్రాన శాతం తగ్గదు.

ముందు రిపోర్ట్ ఏ సెట్టింగులతో తీశారో అడగండి. నాది రిఫరెన్సులతో కలిపి తీశారు. టర్నిటిన్‌లో Exclude Bibliography పెట్టి మళ్ళీ చూస్తే 17కి దిగింది. ఇదేమీ దొడ్డిదారి కాదు. యూజీసీ 2018 నిబంధనల్లోనే రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, ప్రామాణిక సమీకరణాలు, సాధారణ పదాలు లెక్కలోంచి తీసేయాలని ఉంది. వరుసగా 14 పదాల వరకు యాదృచ్ఛికంగా కలిసినా వదిలేయవచ్చు. 10 శాతం వరకు చర్య ఉండదు. అది దాటి 40 వరకు అయితే సరిదిద్ది మళ్ళీ సమర్పించాలి. మీది ఇంకా డ్రాఫ్టే కాబట్టి ఆ దాకా పోదు.

మిగిలిన 17లో పది మెథడ్స్‌వే. వాటిని ప్రింట్ తీసి, రంగు పడిన ముక్కలను రెండు రకాలుగా విడదీశాను. రసాయనాల పేర్లు, పరికరం మోడల్, ఇదిగో ఇలాంటి ఫార్ములా ఒక రకం:

```
% inhibition = ((A0 - A1) / A0) × 100
```

వీటిని ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు కూడా. మా ల్యాబ్‌లో ఒకరు శాతం తగ్గుతుందని పదాలకు పర్యాయపదాలు వేసుకుంటూ పోయి, అబ్సార్బెన్స్‌ని అబ్సార్ప్షన్ చేశారు. అర్థమే మారిపోయింది.

రెండో రకం పూర్తి వాక్యాలు. నా డీపీపీహెచ్ పేరా మొత్తం అదే. ఒక పాత పేపర్‌లోది దించి, చివర సైటేషన్ పెట్టాను. అందులో ఇలా ఉంది: మిథనాల్‌లో కలిపిన 0.1 మిల్లీమోలార్ డీపీపీహెచ్ 1 మి.లీ. తీసుకుని, 3 మి.లీ. ఎక్స్‌ట్రాక్ట్‌కి కలిపి, 30 నిమిషాలు చీకట్లో ఉంచి, 517 నానోమీటర్ల దగ్గర చదవాలి. దాన్ని తిరగరాద్దామని ల్యాబ్ నోట్‌బుక్ తెరిచాను. చూస్తే నేను చేసింది అది కానే కాదు! క్యూవెట్ వాడనే లేదు, 96 గుంటల ప్లేట్‌లో చేశాను. ఒక్కో గుంటలో ఎక్స్‌ట్రాక్ట్ 100 మైక్రోలీటర్లు, డీపీపీహెచ్ 100 మైక్రోలీటర్లు. సగానికి సగం పలచబడుతుంది కాబట్టి డీపీపీహెచ్‌ని 0.2 మిల్లీమోలార్‌తో తయారుచేసుకున్నాను. ఆకు ఎక్స్‌ట్రాక్ట్ రంగు రీడింగ్‌లో కలవకుండా డీపీపీహెచ్ లేని బ్లాంక్ కూడా పెట్టాను. ఇవేవీ థీసిస్‌లో లేవు. సిమిలారిటీ సంగతి అటుంచి, వైవాలో ఎగ్జామినర్ "3 మి.లీ. మీ ప్లేట్‌లో ఎలా పట్టింది?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అందుకే పేపర్ మూసేసి నోట్‌బుక్ చూసి రాయండి. పద్ధతి మూలానికి సైటేషన్ ఇచ్చి "ఈ మార్పులతో" అని ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ తర్వాత మీ ఘనపరిమాణాలు, మీ గాఢతలు, మీ స్టాండర్డ్, ఎన్నిసార్లు చేశారు అన్నవి పెట్టండి. ప్రోటీన్ అంచనా లాంటివి మూలంలో ఉన్నట్టే ఏ మార్పూ లేకుండా చేసి ఉంటే, అడుగడుగూ రాయనక్కర్లేదు. సైటేషన్, మీరు వాడిన స్టాండర్డ్, దాని రేంజ్ చాలు. పేరా మొత్తానికి కొటేషన్ మార్కులు పెడితే శాతం తగ్గొచ్చుగానీ, సైన్స్ థీసిస్‌లో అది చూడటానికే ఎబ్బెట్టు.

నాకు నాలుగు రోజులు పట్టింది. మెథడ్స్ 10 నుంచి 2కి వచ్చింది, మొత్తం 9. ఆ మిగిలిన రెండు శాతంలో ఏ ముక్క ఎందుకు ఉండిపోయిందో అర పేజీలో రాసి, రిపోర్ట్‌తో పాటు గైడ్ చేతికిచ్చాను. గైడ్‌గారు నంబర్ చూడటం మానేసి ఆ అర పేజీ చదివారు.

ఇంకొకటి. మళ్ళీ చెక్ చేయించేటప్పుడు డ్రాఫ్ట్‌ని రిపాజిటరీలో సేవ్ చేయొద్దని లైబ్రరీలో ముందే చెప్పండి. మా సీనియర్ ఒకామె బయట ఇంటర్నెట్ సెంటర్లో చెక్ చేయించుకుంటే ఆ డ్రాఫ్ట్ రిపాజిటరీలో నిలవైపోయింది. ఫైనల్ రిపోర్ట్‌లో 90 పైన వచ్చింది, అంతా తన థీసిస్‌తోనే. అది తన పాత డ్రాఫ్టేనని నిరూపించుకోవడానికి ఆమె నెలరోజులు తిరిగింది.