ముందు ఫారంలో ఎవరి పేరు ఉంటుందో అడగండి

ప్రశ్న: మా అబ్బాయి కెనడా స్టడీ పర్మిట్‌కి అమలాపురంలో ఒక కన్సల్టెంట్ 80 వేలు అడుగుతున్నారు. అక్కడి లాయరైతే ఇంకా ఎక్కువ. ఎవరికి ఇవ్వడం మంచిది?

ఫీజు సంగతి తర్వాత చూద్దామండి. ముందు ఆ కన్సల్టెంట్‌ని ఒక్క మాట అడగండి: "IMM 5476 ఫారంలో మీ పేరూ లైసెన్సు నంబరూ వేసి సంతకం పెడతారా?" మన తరఫున ఎవరు మాట్లాడతారో కెనడా ఇమిగ్రేషన్ శాఖకు చెప్పే ఫారం అది. డబ్బు తీసుకుని ఆ పని చేసే హక్కు అక్కడి చట్టం ప్రకారం లాయర్లకీ, ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకి లైసెన్సులిచ్చే అక్కడి నియంత్రణ సంస్థ నుంచి లైసెన్సు పొందిన కన్సల్టెంట్లకీ, మరి కొద్దిమందికీ మాత్రమే ఉంది. మన టౌన్లలో బోర్డు పెట్టినవాళ్ళలో చాలామంది ఈ లెక్కలోకే రారు. అడిగితే "ఆ ఫారం అక్కర్లేదండి, మీ పేరు మీదే వేసేస్తాం" అంటారు. అంటే పని వాళ్ళది, బాధ్యత మీది.

మా అక్క కొడుకు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. వాళ్ళది రాజోలు వైపు, బావగారికి రొయ్యల చెరువులు. పట్టుబడి డబ్బు 18 లక్షలు ఒకేసారి ఖాతాలో పడింది. కన్సల్టెంట్ ఆఫీసువాళ్ళు ఆ బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే జతచేసి పంపేశారు. చెరువు లీజు కాగితం లేదు, మేత బిల్లుల్లేవు, సరుకు కొన్నవాళ్ళు ఇచ్చిన రసీదు కూడా లేదు. అప్లికేషన్ వేయడానికి ఆన్‌లైన్ అకౌంట్ తెరిచింది ఆఫీసు ఈమెయిల్‌తో, కాబట్టి రిజెక్షన్ లెటరూ వాళ్ళకే వచ్చింది. తీరిగ్గా ఫోన్ చేసి "మళ్ళీ వేద్దాం, ఈసారి సగం ఫీజు చాలు" అన్నారు. వీసా రాకపోతే డబ్బు వాపస్ అని నోటితో చెప్పారు కదా అని బావగారు అడిగితే, ఆయన సంతకం పెట్టిన ఒంటి పేజీ అగ్రిమెంట్ చూపించారు. ప్రాసెసింగ్ ఫీజు తిరిగి ఇవ్వబడదు అని అందులో ఉంది. వాళ్ళు ఏ పని చేస్తారో మాత్రం ఒక్క ముక్కా లేదు. ఇలాంటి ఆఫీసులే సంక్రాంతికి ఊరంతా "వీసా సాధించిన మా విద్యార్థులు" అని ఫ్లెక్సీలు కడతాయి. రానివాళ్ళకి ఫ్లెక్సీ ఎందుకు కట్టరో!

అప్లికేషన్ చూసిన వీసా ఆఫీసరు రాసుకున్న నోట్స్ తెప్పించాం. పెద్ద మొత్తం ఈమధ్యే జమైంది, ఎక్కడిదో ఆధారం లేదు అన్నది అందులో సారాంశం. అవి పట్టుకుని టొరంటోలో ఒక లాయరుతో అరగంట మాట్లాడాం. 200 డాలర్లు. బావగారు "అరగంటకి ఇంతా?" అని గొణిగారు గానీ, ఆ అరగంట విలువైనదే. ఇండియా నుంచి వేసిన అప్లికేషన్ రిజెక్ట్ అయితే ఫెడరల్ కోర్టుకి వెళ్ళడానికి 60 రోజుల గడువు ఉంటుందట. అక్కడ మనకోసం వాదించేది లాయరే, కన్సల్టెంట్‌కి ఆ హక్కు లేదు. కానీ కోర్టు సాధారణంగా ఆఫీసరు ముందున్న కాగితాలనే చూస్తుంది, ఇప్పుడు మేత బిల్లులు తీసుకెళ్తే లాభం లేదు. గెలిచినా కోర్టు వీసా ఇవ్వదు, ఇంకో ఆఫీసరు మళ్ళీ చూడాలంటుంది, అంతే. "మీ కేసుకి కోర్టు ఖర్చు దండగ. కాగితాలు సరిచేసుకుని మళ్ళీ వేయండి, దానికి లైసెన్సున్న కన్సల్టెంట్ చాలు" అన్నాడాయన. వచ్చే ఫీజుని కాదనుకుని చెప్పాడు కాబట్టి నాకు నమ్మకం కుదిరింది.

కాబట్టి నా లెక్క ఇది. మొదటిసారి, చిక్కుల్లేని అప్లికేషన్‌కి లైసెన్సున్న కన్సల్టెంట్ సరిపోతాడు. పాత రిజెక్షన్ మీద కోర్టుకి వెళ్ళాలన్నా, తప్పుడు సమాచారం ఇచ్చారన్న ఆరోపణ వచ్చినా లాయరే కావాలి. ఆ ఆరోపణ రుజువైతే ఐదేళ్ళ నిషేధం. "బ్యాంకు లెటర్ మేమే చేయిస్తాం" అనే ఆఫీసు పెట్టిన దొంగ కాగితానికి కూడా ఆ నిషేధం పడేది మీ అబ్బాయి మీదే.

అగ్రిమెంటులో ఏ పని చేస్తారు, ప్రభుత్వ ఫీజు వేరా కలిపా, మధ్యలో ఆపేస్తే ఎంత తిరిగి ఇస్తారు అన్నవి రాతలో ఉండాలి. స్టడీ పర్మిట్‌కి 150, బయోమెట్రిక్స్‌కి 85 కెనడా డాలర్లు అక్కడి ప్రభుత్వానికి కట్టేవి. వాటిని తమ ఖర్చుల్లో కలిపి చెబుతున్నారేమో చూడండి. వీసా వస్తుందని రాసి ఇమ్మని మాత్రం అడగకండి. నిర్ణయం ఆఫీసరుది, లాయరైనా కన్సల్టెంటైనా దానికి హామీ ఇవ్వలేరు. ఇస్తామన్నవాడి దగ్గర్నుంచి అప్పుడే లేచి వచ్చేయండి.

చివరగా, లైసెన్సు నంబరు ఇచ్చారని ఊరుకోకండి. వేరేవాళ్ళ నంబరు వాడుకునే ఘనులున్నారు. college-ic.ca అనే ఆ నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో లైసెన్సున్నవాళ్ళ రిజిస్టరు ఉంటుంది, అందులో పేరు వెతికి, అక్కడ కనిపించే వివరాలతోనే ఆ మనిషిని సంప్రదించి, అమలాపురం ఆఫీసు మీదేనా అని అడగండి.